ఒకే రోజుకి రెండు ధరలా?

మా అమ్మమ్మ కాలంలో కొందరు కోమటి దుకాణాల్లో రెండు కుంచాలుండేవని చెప్పుకునేవారు. రైతు దగ్గర ధాన్యం కొలిచి తీసుకునేటప్పుడు పెద్ద కుంచం, అదే రైతుకి తిరిగి అమ్మేటప్పుడు చిన్న కుంచం. తూనికలు కొలతల చట్టం వచ్చి దుకాణాల్లో ఆ ఆట కట్టింది. కానీ మేడ్చల్ ఫ్యాక్టరీల్లో, శామీర్‌పేట అవతల జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో, ఇంకా ఎన్నో ఆఫీసుల్లో ఆ రెండు కుంచాలు ఇంకా భద్రంగానే ఉన్నాయి. ఉద్యోగం మానేసే పిల్లల దగ్గర నోటీసు డబ్బులు రాబట్టేటప్పుడు అవి బయటికొస్తాయి.

"ఇది హెచ్ఆర్ వాళ్ళ గొడవ, ఇంటి విషయాలు రాసుకునే నీకెందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. ఆ డబ్బు చివరికి కట్టేది ఇల్లే కాబట్టి. చెల్లి కాలేజీ ఫీజుకని దాచిన చీటీ డబ్బులోంచో, అమ్మ గాజుల మీదో అది వెళ్తుంది కాబట్టి.

ముందు విషయం ఏమిటో చెప్తాను. ఉద్యోగం వదిలేముందు ఇన్ని రోజులు పనిచేసి వెళ్ళాలని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాస్తారు. అది నోటీసు పీరియడ్. 30 రోజులు, 60 రోజులు, ఈ మధ్య ఎక్కువగా 90 రోజులు. అన్ని రోజులు ఉండలేని వాడు, తక్కువ పడిన రోజులకి డబ్బు కట్టి వెళ్ళిపోవడాన్ని బై-అవుట్ అంటారు. అతను కట్టకపోతే ఆఖరి లెక్కలో కంపెనీయే కోసుకుంటుంది, దాన్ని రికవరీ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. పేచీ అంతా తక్కువ పడిన ఒక్కో రోజుకి ఎంత ధర కడతారన్న దగ్గరే.

మా అక్క కొడుకు సంగతి తీసుకుంటాను. మేడ్చల్ వైపు ఒక మాత్రల ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్‌లో మాత్రలు పరీక్షించే పని చేసేవాడు. 2024 వేసవిలో తుర్కపల్లిలో ఒక ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. నెల రోజుల్లో చేరాలన్నారు. పాత కంపెనీ లెటర్‌లో 90 రోజుల నోటీసు ఉంది. వీడు 30 రోజులు పనిచేశాడు. 60 తక్కువ పడ్డాయి. ఖాతాలో వాడుకోని ఎర్న్‌డ్ లీవులు 18 ఉన్నాయి.

వాడి జీతం సంగతి ఇది. బేసిక్ 16,800. ఇంటద్దె, ఇతర అలవెన్సులు కలిపితే గ్రాస్ 42,000. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్, గ్రాట్యుటీకి పక్కన పెట్టే సొమ్ము, ఇన్సూరెన్స్ కూడా కలిపితే సీటీసీ నెలకి 45,000. మనిషి ఒకడే, నెల ఒకటే, జీతాలు మాత్రం మూడు.

ఇప్పుడు 60 రోజులకి రికవరీ ఎంత? బేసిక్ మీద లెక్కిస్తే రోజుకి 560, మొత్తం 33,600. గ్రాస్ మీద లెక్కిస్తే రోజుకి 1,400, మొత్తం 84,000. సీటీసీ మీద లెక్కిస్తే రోజుకి 1,500, మొత్తం 90,000. మూడు లెక్కలూ చేసే కంపెనీలున్నాయి. లెటర్‌లో చాలాసార్లు 'నోటీసుకి బదులు జీతం' అని మాత్రమే ఉంటుంది. ఏ జీతమో రాయరు. రాయకపోవడంలోనే ఉంది లాభం. సీటీసీ మీద లెక్కించడం మాత్రం మరీ అన్యాయం. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టామన్న సొమ్ము, అయిదేళ్ళు నిండకుండా వెళ్ళే కుర్రాడి చేతికి మామూలుగా ఎప్పుడూ రాదు. రాని డబ్బుని జీతమని లెక్కేసి, ఆ జీతం వెనక్కి ఇమ్మంటారు!

భాగహారంలో ఇంకో తిరకాసు ఉంది. కొన్ని చోట్ల నెల జీతాన్ని 30తో కాకుండా 26తో భాగిస్తారు, ఆదివారాలు తీసేస్తే పనిదినాలు 26 కదా అని. అలా చేస్తే గ్రాస్ మీద రోజు ధర 1,615 అవుతుంది. సరే, పనిదినం ధర కట్టారు కాబట్టి తక్కువ పడిన రోజుల్లో కూడా పనిదినాలే లెక్కపెట్టాలి. 60 రోజుల్లో ఎనిమిది ఆదివారాలు పోతే 52. అప్పుడు మళ్ళీ 84,000 దగ్గరికే వస్తుంది. కానీ ధర 26తో కట్టి, రోజులు మాత్రం ఆదివారాలతో సహా 60 వేస్తే 96,923 అవుతుంది. ఎవరూ పని చేయని ఆదివారాలకి దాదాపు 13,000 అదనం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కాగితం వస్తే మొదట చూడాల్సింది ఇదే: కింద ఏ అంకెతో భాగించారు, పక్కన ఏ రోజులతో గుణించారు. రెండూ ఒక జాతివై ఉండాలి.

మా వాడికి వచ్చిన కాగితంలో భాగహారం సరిగ్గానే ఉంది. 30తోనే భాగించారు. కుంచాలు మార్చింది లీవుల దగ్గర. తక్కువ పడిన 60 రోజులకి రోజుకి 1,400 చొప్పున 84,000 వాళ్ళకి రావాలన్నారు. వాడుకోని 18 లీవులకి మాత్రం రోజుకి 560 చొప్పున 10,080 ఇస్తామన్నారు. అంటే వీడు కంపెనీకి బాకీ పడిన రోజు ఖరీదు 1,400. కంపెనీ వీడికి బాకీ పడిన రోజు ఖరీదు 560. రెండూ వీడి రోజులే. ఒకే కాగితం మీద, రెండు వరసల తేడాలో ధర సగానికన్నా తక్కువకి పడిపోయింది.

దాంతో ఆఖరి లెక్క ఇలా తేలింది. చివరి నెల జీతం 42,000, లీవుల డబ్బు 10,080, రెండూ కలిపి 52,080 అతనికి రావాలి. 84,000 అతను ఇవ్వాలి. నెల రోజులు పనిచేసిన వాడు జీతం రాకపోగా 31,920 ఎదురు కట్టాలి. కడితేనే రిలీవింగ్ లెటర్. పీఎఫ్ కోత, వృత్తి పన్ను లాంటి చిల్లర ఇందులో కలపలేదు, లెక్క తేలిగ్గా అర్థం కావాలని.

మా వాడు ఒక పని చేశాడు. ఫోన్లో వాదించకుండా మెయిల్ రాశాడు. "రోజు ధర ఏ జీతం మీద కట్టారో, లీవులకి అదే ధర ఎందుకు కట్టలేదో రాతపూర్వకంగా చెప్పండి" అని రెండే ప్రశ్నలు. వారం తర్వాత లెక్క మారి వచ్చింది. 18 లీవుల్ని డబ్బుగా కాకుండా రోజులుగా సర్దారు. 60లోంచి 18 పోగా 42 రోజులు, 1,400 చొప్పున 58,800. అందులో నెల జీతం 42,000 పోను 16,800 కట్టమన్నారు. చేరాల్సిన తేదీ ముంచుకొస్తోందని అక్క చీటీ డబ్బు తీసి కట్టేసింది. రెండు ప్రశ్నలకి 15,120 రూపాయలు తగ్గాయి. మొదటి లెక్క సరైనదే అయితే ఎందుకు తగ్గుతుంది?

దీన్ని అటువైపు నుంచి కూడా చూద్దాం. అదే లెటర్‌లో, కంపెనీ తనంతట తాను వీడిని తీసేయాలనుకుంటే 30 రోజుల నోటీసు గానీ, దానికి బదులు నెల బేసిక్ గానీ ఇస్తే చాలని ఉంది. అంటే 16,800. వీడు వెళ్తే మాత్రం 60 రోజుల గ్రాస్, 84,000. సరిగ్గా అయిదు రెట్లు. రాత్రికి రాత్రి ఉద్యోగం పోతే ఈఎంఐ ఎలా కట్టాలో తెలియని ఇంటికి 16,800 సరిపోతుందట! వందల మందితో నడిచే ఫ్యాక్టరీలో ఒక మనిషి తగ్గితే మాత్రం 84,000 నష్టమట!

ఇక అందరూ అనే మాట: "చదువుకోలేదా? సంతకం పెట్టావుగా!" ఈ మాటతోనే పిల్లల నోళ్ళు మూయిస్తున్నారు. సంతకానికి విలువ ఉంది, కాదనను. కానీ సంతకం పెట్టిన ప్రతిదీ చట్టం ముందు నిలబడదు.

ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ఉండేది. దాని కింద ఇచ్చిన నమూనా నియమాల్లో, నెల జీతం మీద ఉన్న పర్మినెంటు కార్మికుడికి నోటీసు ఒక నెల అని రాసి ఉంది. అదీ రెండు వైపులా ఒకటే, కంపెనీకీ ఒక నెల, కార్మికుడికీ ఒక నెల. కార్మికుడంటే మెషీన్ దగ్గర నిలబడేవాడే కాదు, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్ళు కూడా. మేనేజర్లు, కొంత జీతం దాటిన సూపర్‌వైజర్లు అందులోకి రారు. స్టాండింగ్ ఆర్డర్లకి విరుద్ధంగా విడి ఒప్పందం రాసుకుంటే అది చెల్లదని వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. అక్కడ పేచీ ప్రొబేషన్ గురించి. స్టాండింగ్ ఆర్డర్లలో రెండు నెలలుంటే కంపెనీ లెటర్‌లో ఆరు నెలలు రాసుకుంది. కోర్టు ఆ ఆరు నెలల్ని ఒప్పుకోలేదు. అదే సూత్రం నోటీసుకి ఎందుకు వర్తించకూడదు? ఫ్యాక్టరీ స్టాండింగ్ ఆర్డర్లలో నెల అని ఉంటే, లెటర్‌లోని 90కి బలమెక్కడిది? అలా చూస్తే మా వాడు 30 రోజులు పూర్తిగా పనిచేశాడు. రికవరీయే లేదు. జీతం 42,000 రావాలి. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికుడు మానేసినప్పుడు మిగిలిన లీవులకి ఇచ్చే డబ్బు ఒక్క బేసిక్ మీద కాదు, ఓవర్‌టైమ్, బోనస్ తీసేసి మిగిలిన పూర్తి సంపాదన మీద కట్టాల్సి ఉండేది. తక్కువలో తక్కువ రోజుకి 1,400 వేసుకున్నా 25,200. మొత్తం 67,200 వాడి చేతికి రావాలి. కంపెనీ మొదటి కాగితం మాత్రం 31,920 కట్టమంది. రెంటికీ మధ్య దూరం 99,120 రూపాయలు.

ఇంకొకటి చెప్తాను, ఇది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. జీతంలోంచి ఏమేం కోసుకోవచ్చో 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ఒక జాబితా ఇచ్చింది. అందులో నోటీసు ఊసు వచ్చేది ఒక్క చోటే. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కూడబలుక్కుని, నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే, నోటీసుకి బదులుగా ఒక్కొక్కరి దగ్గర ఎనిమిది రోజుల వేతనం మించకుండా కోయవచ్చు. ఎనిమిది రోజులు! పదిమంది కలిసి ఫ్యాక్టరీని ఆపేసినా మనిషికి ఎనిమిది రోజులు చాలనుకుంది ఆనాటి చట్టం. ఇవాళ ఒక్క కుర్రాడు, ముందే చెప్పి, నెల పనిచేసి, పని అప్పజెప్పి వెళ్తుంటే 60 రోజులు కోస్తున్నారు.

ఆ చట్టానికి ఒక హద్దు ఉండేది. నెలకి 24,000 దాటిన జీతాలకి అది వర్తించేది కాదు. అందుకే 42,000 వాడైన మా వాడికి 2024లో ఆ గొడుగు లేదు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాక వేతన స్మృతిలో ఆ జీతం హద్దు పోయింది. ఆ ఎనిమిది రోజుల నియమం అలాగే ఉంది. మొత్తం కోతలు వేతనంలో సగం దాటకూడదన్న నియమమూ ఉంది. రాజీనామా చేసినవాడికి రెండు పనిదినాల్లో వేతనం ఇచ్చేయాలనీ ఉంది. అంటే నెలంతా చాకిరీ చేయించుకుని చేతికి సున్నా ఇచ్చే లెక్క ఇక కుదరకూడదు. ఒక చోట మాత్రం పట్టు సడలింది. స్టాండింగ్ ఆర్డర్లు ఇప్పుడు 300 మంది, ఆపైన ఉన్న చోట్లకే. చిన్న యూనిట్లలో పనిచేసే పిల్లలకి ఆ రక్షణ తగ్గిందనే చెప్పాలి.

జీతంలోంచి కోయలేకపోతే కంపెనీకి దారి లేదా? ఉంది, కోర్టుకి వెళ్ళవచ్చు. కానీ అక్కడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అడ్డొస్తుంది. ఒప్పందంలో ఎంత రాసుకున్నా అది పైహద్దు మాత్రమే, ఇప్పించేది సమంజసమైన పరిహారం. అసలు నష్టమే జరగనప్పుడు పరిహారం అడగడానికి లేదని కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. మా వాడి బల్ల దగ్గర మర్నాడే ఇంకో కుర్రాడు కూర్చున్నాడు. 58,800 దేనికి పరిహారం?

కంపెనీల పక్షాన ఒక బలమైన తీర్పు ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అది చూపించి "ఇంకేం మాట్లాడతారు?" అంటున్నారు. కానీ అక్కడ కోర్టు ఎందుకు ఒప్పుకుందో చూడాలి. ప్రభుత్వ రంగ బ్యాంకు ఇష్టమొచ్చిన వాళ్ళని పిలిచి కూర్చోబెట్టలేదు. బహిరంగ ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి, ఖర్చుతో, కాలయాపనతో మళ్ళీ ఎంపిక చేసుకోవాలి. ఆ నష్టం ముందు ఆ మొత్తం, ఆ ఆఫీసరు స్థాయి జీతం ముందు ఆ మొత్తం, అతిగా లేవంది. కన్సల్టెన్సీకి ఒక ఫోన్ చేస్తే మర్నాడు పదిమంది వచ్చే ప్రైవేటు ఫ్యాక్టరీ, అదే కారణాన్ని అరువు తెచ్చుకోలేదు. నిజంగా నష్టం ఉన్నచోట, ఉదాహరణకి లక్షలు పెట్టి శిక్షణ ఇచ్చిన చోట, ఆ ఖర్చు చూపించి అడగమనండి. నేను కాదనను.

ప్రభుత్వం కూడా దీన్ని ఏమని పిలిచిందో చూడండి. మానేసేవాళ్ళ దగ్గర వసూలు చేసే ఈ సొమ్ము మీద జీఎస్టీ పడుతుందా అన్న ప్రశ్న వచ్చింది. పడదని పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. కారణం, అది ఏ సేవకీ ధర కాదట. మనుషులు అలా వెళ్ళకుండా భయపెట్టడానికి వేసే జరిమానా అట, అది కట్టినందుకు ఉద్యోగికి బదులుగా ఏమీ దక్కదట. పన్ను తప్పించుకోవడానికి జరిమానా అన్న పేరు పనికొస్తుంది, వసూలు చేసేటప్పుడు మాత్రం పరిహారం అన్న పేరు కావాలి. ఇవీ రెండు కుంచాలే.

పిల్లలు చేరేటప్పుడు ఇంట్లో కూర్చుని లెటర్‌లో మూడు మాటలు వెతకండి. నోటీసు రెండు వైపులా ఒకే రోజులా? నోటీసుకి బదులు కట్టే జీతం బేసిక్కా, గ్రాసా? బై-అవుట్ ఉద్యోగి హక్కా, లేక 'కంపెనీ ఇష్టపడితే' అని ఉందా? ఈ మూడోది చాలామంది చూడరు. అది ఉంటే డబ్బు కడతానన్నా వద్దని, 90 రోజులూ ఉండి తీరాలని పట్టుబట్టవచ్చు. అలా పట్టుబట్టినా బలవంతంగా పని చేయించే హక్కు ఎవరికీ లేదు, కోర్టు కూడా మనిషిని మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టదు. కానీ రిలీవింగ్ లెటర్ ఆపి ఏడిపిస్తారు. కొత్త కంపెనీ వాళ్ళు ఆ కాగితం లేనిదే గడప దాటనివ్వరు. అందుకే ఫ్యాక్టరీ అయితే స్టాండింగ్ ఆర్డర్ల కాపీ కూడా మెయిల్‌లో అడగమనండి, రాజీనామా ఇచ్చాక కాదు, ఇవ్వక ముందే. పీఎఫ్ జోలికి ఎవరూ రాలేరు. అయిదేళ్ళు దాటిన వాళ్ళ గ్రాట్యుటీలోంచి నోటీసు డబ్బు కోస్తామంటే అదీ కుదరదని గుర్తుంచుకోండి.

నేను అడిగేది ఉచితంగా వదిలేయమని కాదు. నోటీసు ఇవ్వకుండా రేపే మాయమయ్యేవాడు కొంత కట్టాల్సిందే. నేనడిగేది ఒకే కుంచం. ఉద్యోగి వెళ్ళినా, కంపెనీ పంపినా అవే రోజులు. తీసుకునే రోజుకి, ఇచ్చే రోజుకి, లీవు రోజుకి ఒకటే ధర. ఆ ధర ఏ జీతం మీదో, ఏ అంకెతో భాగించారో చేరే రోజునే అంకెల్లో రాసివ్వాలి. మాత్ర బరువులో హద్దుకి మించిన తేడా వస్తే బ్యాచ్ మొత్తం ఆపేసే ఫ్యాక్టరీలు, ఆ మాత్రని తూచిన కుర్రాడి రోజుని ఒకే తక్కెడలో తూయలేవా?